కడియం మీద వేసిన లెక్క

బాయిలర్ నుంచి వచ్చే ఆవిరి గొట్టానికి గ్లాస్‌వుల్ చుట్టారు. ఆ పొర లోపలి వ్యాసార్థం 5 సెం.మీ., బయటిది 10 సెం.మీ. లోపలి అంచు 150 డిగ్రీలు, బయటి అంచు 50 డిగ్రీల దగ్గర నిలకడగా ఉన్నాయి. పొర సరిగ్గా మధ్యలో ఎంత ఉంటుంది? 100 అని చప్పున అనేస్తాం. చదునైన గోడకైతే అది నిజమే, గొట్టానికి కాదు.

ఎందుకో తెలియాలంటే ఆ పొరలోంచి ఒక సన్నని కడియాన్ని ఊహలో కోసి తీయాలి. లోపలి వ్యాసార్థం r, మందం Δr, గొట్టం పొడవు వెంట వెడల్పు Δz. లోపలికి వచ్చిన వేడిలోంచి బయటికి పోయింది తీసేస్తే మిగిలేది కడియాన్ని వేడెక్కిస్తుంది. మన పెట్టుబడి ఈ జమాఖర్చు ఒక్కటే.

చదరపు మీటరుకు సెకనుకు దాటే వేడిని q అందాం. లోపలి ముఖం వైశాల్యం 2πrΔz, బయటిది 2π(r+Δr)Δz. బయటి ముఖం కాస్త పెద్దది. చాలామంది విద్యార్థులు జారేది ఇక్కడే: తేడా ఎంతో చిన్నదని రెండింటికీ ఒకే వైశాల్యం వేసేస్తారు. కానీ q లో వచ్చే మార్పు కూడా అంతే చిన్నది. ఒకదాన్ని ఉంచి మరొకదాన్ని వదిలేయడం కుదరదు. అందుకే మార్పు చూడాల్సింది q లో కాదు, r, q ల లబ్ధంలో:

2πΔz [(rq)ᵣ − (rq)ᵣ₊Δᵣ] = ρc · 2πrΔrΔz · ∂T/∂t

ఇక్కడ ρ సాంద్రత, c విశిష్టోష్ణం. రెండు వైపులా కడియం ఘనపరిమాణం 2πrΔrΔz తో భాగించి, Δr ను సున్నాకు చేర్చాలి. వేడి ప్రవాహం ఉష్ణోగ్రత వాలును బట్టి ఉంటుందన్న ఫూరియే నియమం q = −k ∂T/∂r ను అందులో పెట్టాలి. పక్క ముఖాలు రెండూ సమానమే కాబట్టి పొడవు దిశలో ఏ చిక్కూ లేదు. k అంతటా ఒకటే అయితే వచ్చేది ఇది:

ρc ∂T/∂t = k [ (1/r) ∂/∂r (r ∂T/∂r) + ∂²T/∂z² ]

తీగలో కరెంటులా లోపలే వేడి పుడితే, ఘనమీటరుకు పుట్టే ఆ వేడిని కుడివైపు కలపాలి.

ఇప్పుడు మన గొట్టానికి వద్దాం. కాలంతోనూ పొడవు వెంటా మార్పు లేదు గనక r ∂T/∂r స్థిరాంకం. అంటే ఉష్ణోగ్రత సరళరేఖలో కాక లాగరిథమ్ దారిలో దిగుతుంది:

T = 150 − 100 · ln(r/5) / ln 2

r = 7.5 వేస్తే సుమారు 91.5 డిగ్రీలు. అక్కడ థర్మోకపుల్ పెడితే 100 కాదు, దాదాపు ఇదే కనిపించాలి. k ను 0.04 గా తీసుకుంటే మీటరు పొడవుకు పోయే వేడి దాదాపు 36 వాట్లు, ఏ వ్యాసార్థం దగ్గర లెక్కించినా అంతే. చదరపు మీటరుకు మాత్రం లోపలి అంచున 115 వాట్లు, బయట అందులో సగం.

కడియాన్ని కోయకుండా వాడామంటే చుట్టూ ఉష్ణోగ్రత ఒకటేనని ఒప్పుకున్నట్టే. గొట్టానికి ఒక పక్కే ఎండ తగిలితే ఆ ఒప్పందం చెల్లదు. అప్పుడు కడియాన్ని చిన్న ముక్కలుగా కోసి, బ్రాకెట్‌లో (1/r²) ∂²T/∂θ² కూడా చేర్చాలి.