గడగడా చదువుతాడు, అర్థం మాత్రం కాదు!

"మావాడు పాఠం గడగడా చదివేస్తాడండీ, ఏం చదివావురా అంటే దిక్కులు చూస్తాడు" అంటుంది ఒక తల్లి. "మా పిల్లకి కథ చెప్తే పొల్లు పోకుండా మళ్ళీ చెప్తుంది, పుస్తకం ఇస్తే మాత్రం కూడబలుక్కుంటుంది" అంటుంది ఇంకో తల్లి. ఇద్దరు పిల్లల్నీ చదువు రాదని ఒకే గాటన కట్టేస్తాం. కానీ ఇవి రెండు వేరు వేరు లోపాలు.

చదవటంలో రెండు పనులున్నాయి. గుణింతాలూ, ఒత్తులూ చూసి మాటని సరిగా పలకటం ఒకటి. ఆ మాటలు చెవిన పడితే అర్థం చేసుకోవటం రెండోది. ఈ రెంటినీ హెచ్చవేస్తే వచ్చేదే చదివింది అర్థం కావటమని 1986లో గఫ్, టన్మర్ అనే పరిశోధకులు చెప్పారు. కూడిక కాదు, హెచ్చవేత! ఒకటి సున్నా అయితే రెండోది ఎంతున్నా ఫలితం సున్నాయే.

ఏది తక్కువో ఇంట్లోనే చూడొచ్చు. పిల్లల తరగతికి తగ్గవి, వాళ్ళు ఇదివరకు చూడనివి, పది వాక్యాల కథలు రెండు తీసుకోండి. ఒకటి మీరు చదివి వినిపించి అయిదు ప్రశ్నలడగండి. రెండోది వాళ్ళనే చదవమని అయిదు అడగండి. కథ వినకుండానే ఊహించి చెప్పగలిగే ప్రశ్నలు వద్దు. తర్వాత గొంపలి, మిట్కురు, చిర్భులం లాంటి అర్థంలేని మాటలు పది రాసి చదివించండి. తెలిసిన మాటైతే మొదటి అక్షరం చూసి ఊహించేస్తారు, వీటిలో ఆ వీలుండదు.

మూడో తరగతి పాప ఒకతె విన్న కథలో అయిదుకి నాలుగు చెప్పింది, చదివిన కథలో ఒకటే. అర్థంలేని మాటలు పదిలో మూడే చదివింది, తప్పులన్నీ ఒత్తుల దగ్గరే. భాష బాగానే ఉంది, అక్షరాల్లోనే లోపం. ఆమెకి కావలసింది రోజూ కాసేపు ఒత్తుల మాటలు చదివించటం.

ఇంగ్లీషు మీడియంలో అయిదో తరగతి చదివే అబ్బాయి ఇంగ్లీషు కథ విన్నా ఒకటే చెప్పాడు, చదివినా ఒకటే. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన అర్థంలేని మాటలు మాత్రం పదికి తొమ్మిది చదివాడు. అదే తెలుగు కథ వినిపిస్తే అయిదూ చెప్పాడు. అంటే తెలివికి లోటు లేదు, ఇంగ్లీషు మాటలే తెలియవు. ఇతనితో ఇంకా గట్టిగా చదివించి లాభం లేదు. పాఠంలోని కొత్త మాటల అర్థం ముందు తెలుగులో చెప్పి, ఆ తర్వాత వాటితో చిన్న చిన్న వాక్యాలు మాట్లాడించాలి.

రెండూ తక్కువైతే రెండు పనులూ చెయ్యాల్సిందే. ఒక్కరోజు మార్కులు చూసి తీర్మానించెయ్యకండి. నిద్రమత్తు, పరధ్యానం కూడా మార్కులు తగ్గిస్తాయి. వారం తర్వాత వేరే కథలతో మళ్ళీ చూడండి. చెవీ, కన్నూ కూడా ఒకసారి డాక్టరుకి చూపించండి. సరిగా వినపడని పిల్లాడికి భాష రాదనుకునే ప్రమాదముంది.