పుట్టాడు, పుట్టింది, పుట్టారు

మా చెల్లెలికి కవలలు పుట్టిన రెండో రోజు రాత్రి మా మరిది ఫోను నా చేతిలో పెట్టాడు. "వదినా, ఈ నాలుగు ముక్కలూ కాస్త చూడండి. పొద్దుటినుంచీ రాస్తున్నాను, పంపబుద్ధి కావడం లేదు" అన్నాడు. ఫొటో బాగుంది. ఒకే దుప్పటిలో చుట్టిన రెండు తలలు, రెండు గులాబీరంగు టోపీలు. దాని కింద ఇలా ఉంది: "మాకు బాబు పుట్టాడు. పాప కూడా పుట్టింది. అందరూ క్షేమం."

మూడు వాక్యాల్లో తప్పేమీ లేదు. కానీ రెండో వాక్యంలోని "కూడా" దగ్గర నాకు మనసు ఆగిపోయింది. బాబు వచ్చాడు, వాడి వెనకాల పాప కూడా వచ్చింది అన్నట్టుంది. మా మరిదికి అలాంటి ఉద్దేశం లేదు. పాపను ఎత్తుకున్నప్పుడు ఆయన ముఖం చూస్తే చాలు, ఆ సంగతి తెలిసిపోతుంది. అయినా మాట మాత్రం అలాగే వినిపిస్తుంది. "బాబుతో పాటు పాప" అన్నా అంతే, "ఇంకో పాప" అన్నా అంతే.

ఈ చిక్కుకు కారణం మన క్రియాపదం. మగవాడికి "పుట్టాడు", ఆడపిల్లకు "పుట్టింది" అని విడివిడిగా రాయాలి కాబట్టి, బాబునూ పాపనూ కలిపి చెప్పబోతే రెండు వాక్యాలు పుట్టుకొస్తాయి. రెండు వాక్యాలున్నాక ఒకటి ముందు, ఒకటి వెనక తప్పదు. విరుగుడు కూడా మన క్రియాపదంలోనే ఉంది. బహువచనానికి వచ్చేసరికి మనుషులందరికీ తెలుగులో ఒకే రూపం: "పుట్టారు". ఇందులో ఆడామగా తేడా లేదు, ముందువెనకలు లేవు. "మాకు కవలలు పుట్టారు" అంటే ఇద్దరూ ఒకేసారి గడప దాటి లోపలికి వచ్చినట్టే.

ఇద్దరూ ఆడపిల్లలైన ఇళ్ళలో ఇంకో చిన్న అక్షరాన్ని కనిపెట్టాలి. "మాకు ఇద్దరు అమ్మాయిలు పుట్టారు" అన్నది కబురు. "ఇద్దరూ అమ్మాయిలే" అన్నారంటే ఆ చివరి ఏత్వంలో ఒక నిట్టూర్పు వినిపిస్తుంది. రాసినవాళ్ళ మనసులో అది లేకపోయినా చదివే పెద్దమ్మలు, అత్తయ్యలు వినేస్తారు, "పోనీలే" అంటూ ఓదారుస్తారు. ఆ ఓదార్పు తల్లి చెవిన పడకుండా ఉండాలంటే ఆ ఒక్క అక్షరం తీసేస్తే సరిపోతుంది.

మా మరిది రెండో ప్రయత్నంలో అంకెలు పెట్టాడు. బాబు 2.14 గంటలకు, 2.3 కిలోలు, పాప 2.15కు, 1.9 కిలోలు. తండ్రి కదా, ప్రతి గ్రామూ అపురూపమే. కానీ బరువులు పక్కపక్కన కనిపించగానే చూసేవాళ్ళు తూకం వేస్తారు. పుట్టినప్పుడు 2.5 కిలోలు లేకపోతే తక్కువ బరువు అంటారు. కడుపులో చోటూ ఆహారమూ పంచుకుని, చాలాసార్లు నెలలు పూర్తిగా నిండకముందే వచ్చే కవలల్లో ఎక్కువమంది ఆ గీతకు కిందే ఉంటారు. ఇది చుట్టాలందరికీ తెలియదు. "పాప బలహీనంగా ఉందా?" అన్న ఫోన్లు మొదలైతే, పిల్లకు పేరు పెట్టకముందే "బక్కది" అన్న పేరు స్థిరపడుతుంది.

గంటా నిమిషమూ అంతే. వాటికి వేరే చోటు ఉంది. జాతకం రాయించేవాళ్ళకు ఒక్కొక్కరి సమయం విడిగా కావాలి, అర్ధరాత్రికి అటూ ఇటూ పుట్టినవాళ్ళకు తేదీయే మారుతుంది. జనన నమోదు 21 రోజుల్లోపు చేయించాలి, ఇద్దరికీ రెండు పత్రాలు. జాతకానికి నిమిషాలు ఉండాల్సిందే. ఫొటో కింద ఉంటే మాత్రం ఒక నిమిషం తేడాకు ఒకరు జీవితాంతం పెద్ద, ఒకరు జీవితాంతం చిన్న. పిల్లల మణికట్టుకు కట్టిన పట్టీల మీద ట్విన్ 1, ట్విన్ 2 అని ఉంటుంది. స్కానింగులో అయితే సాధారణంగా గర్భాశయ ముఖద్వారానికి దగ్గరగా ఉన్న బిడ్డను మొదటి బిడ్డగా రాస్తారు. ఎవరు ఏ పక్కన పడుకున్నారన్నదే ఆ పెద్దరికానికి మూలం.

పెద్దా చిన్నా వరుస నోటిలో ఎప్పుడూ నిలిచేది కాదని లవకుశులే సాక్ష్యం. వాల్మీకి రామాయణంలో కుశుడిదే ముందు పేరు. మనం మాత్రం లవకుశులనే అంటాం, 1963 నాటి సినిమా పేరూ "లవకుశ"యే. నోటికి నచ్చిన వరుసే నిలిచింది.

మూడోసారి మా చెల్లెలు అందుకుంది. కుట్లు లాగుతున్నా ఒత్తిగిలి ఫోను తీసుకుని, "వీడు రౌడీ, ఇది బుద్ధిమంతురాలు" అని టైపు చేసి నవ్వింది. ఆ రాత్రి వరకూ అది నిజమే. బాబు గుక్కపట్టి ఏడుస్తున్నాడు, పాప నిద్రపోతోంది. కానీ రెండు రోజుల పిల్లల నిద్రాఏడుపులు పూటపూటకూ మారిపోతాయి. రాసిన మాట మారదు. చుట్టాలు ఆ రెండు పేర్లనే పదేళ్ళు వాడతారు. నేనిది చెబుతుండగానే పాప లేచి కేకలు మొదలుపెట్టింది, బాబు నిద్రలోకి జారుకున్నాడు. చెల్లెలు ఆ వాక్యాన్ని తనే చెరిపేసింది.

నవ్వు మాత్రం ఉండాలని ఇద్దరూ పట్టుబట్టారు, అది న్యాయమే. అలసిపోయింది వాళ్ళు కాబట్టి, నవ్వూ వాళ్ళ అలసట మీదే ఉండాలనుకున్నాం. పుట్టిన బిడ్డ రోజుకు ఎనిమిది నుంచి పన్నెండుసార్లు పాలు తాగుతుంది. ఇద్దరంటే పదహారు నుంచి ఇరవై నాలుగు. ఒకరికి పట్టి, త్రేన్పు రప్పించి పడుకోబెట్టేసరికి రెండోవారి వంతు. ఆ సంగతినే చెల్లెలు చెబుతుంటే మరిది రాశాడు:

"మంగళవారం తెల్లవారుజామున మాకు కవలలు పుట్టారు. పాప, బాబు, అమ్మ ముగ్గురూ క్షేమం. ఒకరు పడుకుంటే ఒకరు లేస్తున్నారు, మేం ఇద్దరితోనూ లేస్తున్నాం. పేర్లు బారసాల నాడు చెబుతాం. అప్పటిదాకా ఫోను ఎత్తకపోతే కోప్పడకండి. ఫొటోలో ఎడమనుంచి: బాబు, పాప."

"ఒకరు" అన్న మాట ఇక్కడ ఎంత పని చేసిందో చూడండి. "ఒకడు" అంటే బాబు, "ఒకతి" అంటే పాప. "ఒకరు" అంటే ఎవరైనా కావచ్చు, నిద్ర చెడగొట్టిన పేరు ఎవరి మీదా పడదు. ఇక వరుస అంటారా, ఎవరో ఒకరిని ముందు రాయక తప్పదు. అందుకే పైన పాపతో మొదలుపెట్టి, కింద ఫొటో వరుసలో బాబుతో మొదలుపెట్టాం.

పంపే ముందు నేను ఒక్కటే అడిగాను, ఇద్దరూ తల్లి దగ్గరే ఉన్నారు కదా అని. ఉన్నారు. కవలల్లో ఒకరిని నవజాత శిశువుల ఐసీయూలో ఉంచాల్సి వచ్చినప్పుడు, పక్కనున్న ఒక్క బిడ్డ ఫొటోనే పెట్టే ఇళ్ళను చూశాను. రెండో బిడ్డ ఏదని అందరూ అడుగుతారు, అడిగిన ప్రతిసారీ ఆ తల్లి మళ్ళీ మొదటినుంచీ చెప్పుకోవాలి. అలాంటప్పుడు "కవలలు పుట్టారు, ఇద్దరూ ఒకచోటికి చేరాక ఫొటో పెడతాం" అని ఊరుకోవడమే నయం.

పంపిన రెండు నిమిషాలకే మా మేనత్త ఫోను. స్పీకరులో పెట్టాం. దీవెనలన్నీ అయ్యాక, "ఇంతకీ పెద్దెవరే?" అంది.

చెల్లెలు కళ్ళు మూసుకునే నవ్వింది. "పెద్దవాళ్ళం మేమిద్దరమే అత్తా. వాళ్ళిద్దరూ చిన్నవాళ్ళే."