టచ్‌ప్యాడ్ మీద ట్యూబులైటు గీత జూడుండ్రి

పాత లాప్‌టాప్ అమ్మెటోడు ఫోటోల అబద్ధం చెప్పాల్సిన పనిలేదు. చూపెట్టద్దనుకున్న దిక్కుకు ఫోన్ తిప్పకుంటే చాలు. అందుకే ఫోటోలు వచ్చినంక ఏమేం ఉన్నయో చూసుడు కన్నా ముందు, ఏ దిక్కు నుంచి తీసిన ఫోటో లేదో చూడాలె.

జనగామ దిక్కు పిల్ల ఒకామె హైదరాబాద్ల హాస్టల్ల ఉండి బీఎస్సీ కంప్యూటర్స్ చదువుతున్నది. వాళ్లమ్మ మహిళా సంఘంల లోన్ తీసి 18 వేలు పంపింది. నెట్ల ఒక యాడ్ చూసి, ఆ ఫోటోలు ఐదు నాకు పంపింది. "అన్నా, జర చూడవా, సాయంత్రంల రెండు వేలు అడ్వాన్స్ కొట్టుమంటుండు" అన్నది. పద్నాలుగు అంగుళాల ఆఫీసు రకం లాప్‌టాప్. కంపెనీలు మూడు నాలుగేండ్లు వాడి లాటుకు లాటు అమ్మేస్తయి, గసొంటిది. నిజానికి మనసొంటోళ్లకు మంచి సరుకే, దొరికితే.

ఐదు ఫోటోలేందంటే, మూత పైనుంచి ఒకటి, తెరిచి ముందలనుంచి ఒకటి, కీబోర్డు ఒకటి, అడుగు ఒకటి, చార్జరు ఒకటి. పక్కనుంచి తీసింది ఒక్కటి సుత లేదు. పక్కనుంచే బ్యాటరీ ఉబ్బుడు కనవడతది, పక్కనుంచే మూత కీలు పగులుడు కనవడతది.

ముందుగాల ఆ ఫోటోలను వాట్సాప్‌ల డాక్యుమెంటు లెక్క పంపమని అడిగించిన. ఉత్త ఫోటో లెక్క పంపితే వాట్సాప్ దాన్ని నలిపి చిన్నగ చేస్తది, సన్నటి పగుళ్లు, గీతలు కలిసిపోతయి. డాక్యుమెంటు లెక్క పంపితే ఫోన్ల తీసింది తీసినట్టే వస్తది. వచ్చినంక మన ఫోన్ల ఎడిట్‌కు పోయి వెలుగు పెంచి, ఒక్కో మూల పెద్దగ చేసి చూడాలె. నీడల దాగింది అప్పుడు బయటపడతది.

కీబోర్డు ఫోటోల టచ్‌ప్యాడ్ మీద ట్యూబులైటు వెలుగు పడ్డది. సాఫుగ ఉన్న పలక మీద ఆ వెలుగు నిలువుగ, తిన్నగ ఉండాలె. ఈ ఫోటోల నడిమిట్ల విల్లు లెక్క వంగింది. అంటే పలక కింద ఏదో పైకి నూకుతున్నది. శానా సన్నటి లాప్‌టాప్‌లల్ల చేతులు పెట్టే జాగ కింద, టచ్‌ప్యాడ్ కింద బ్యాటరీనే ఉంటది. లిథియం బ్యాటరీ పాతదైతున్నకొద్ది, ఎక్కువ వేడిల ఉన్నకొద్ది, ఎప్పుడు చార్జింగ్‌లనే పెట్టి ఉంచినకొద్ది లోపలి మందు చెడి గ్యాసు పుట్టిస్తది. ఆ గ్యాసు బయటికి పోయే తొవ్వ లేక సంచి పొంగుతది. దాని మీదున్న టచ్‌ప్యాడ్ లేస్తది, నొక్కితే టక్కుమనదు, అడుగు మూత ఉబ్బుతది.

ఈడ ఒక్క జాగ్రత్త. ఫోన్ బాగా దగ్గర పెట్టి తీస్తే కెమెరానే గీతలను వంచి చూపెడతది, ముఖ్యంగ ఫోటో అంచుల కాడ. అందుకే వెలుగు గీత వంగిందనంగనే అనుమానపడద్దు. లాప్‌టాప్ అంచును గూడ చూడాలె. అంచు తిన్నగుండి వెలుగు ఒక్కటే వంగితే అది ఉబ్బే. రెండూ వంగితే అది కెమెరా పని కావొచ్చు. ఈ ఫోటోల అంచు స్కేలు పెట్టి గీసినట్టున్నది.

ఇగ పక్కనుంచి ఫోటో అడిగించిన. ఎట్ల తియ్యాల్నో గూడ ఆ పిల్లతోని చెప్పిపిచ్చిన. లాప్‌టాప్ మూసి సాఫు బల్ల మీద పెట్టాలె, ఎన్కకు తెల్లగోడ ఉండాలె, ఫోన్‌ను బల్ల ఎత్తుకే దించి నాలుగు దిక్కుల తియ్యాలె. మూతకు, కింది భాగానికి నడుమ సందు ఈ కొస నుంచి ఆ కొస దాక ఒక్క తీరుగ ఉండాలె. కొన్ని మోడళ్లు ముందలికి సన్నగ వాలి ఉంటయి, అది తప్పు కాదు. గట్ల కాకుండ సందు ఒక్క కాడ పెద్దగ, ఇంకో కాడ చిన్నగ ఉంటే తప్పు.

ఆయన ఫోటో పంపలే. దాని బదులు బ్యాటరీ రిపోర్టు పంపిండు. విండోస్‌ల ఈ ఒక్క లైను కొడితే వచ్చేది:

```
powercfg /batteryreport
```

అండ్ల DESIGN CAPACITY అంటే కొత్తగున్నప్పటి లెక్క, FULL CHARGE CAPACITY అంటే ఇప్పుడు పట్టే లెక్క. ఆయన పంపిన దాంట్ల 50,000కు 41,000 ఉన్నది. నూటికి 82 వంతులు. "చూడుండ్రి, బ్యాటరీ కొత్తదాని లెక్కనే ఉన్నది" అని కింద రాసిండు. ఆ రిపోర్టు దొంగది కాకపోవచ్చు. గని అది కరెంటు ఎంత పడతదో కొలుస్తది, సంచి పొంగిందా లేదా దానికి ఎర్కలేదు. ఉబ్బిన బ్యాటరీ గూడ కొన్నాళ్లు మంచి లెక్కనే చూపెట్టొచ్చు. ఉబ్బుడుకు సాక్ష్యం ఆకారమే.

మళ్ల గట్టిగ అడిగితే రాత్రికి ఒక్క ఫోటో వచ్చింది. ముందలి దిక్కు సందు ఒక్క తీరుగ లేదు. "బ్యాటరీ మార్పిచ్చుకో, మూడు వేలయితది, గంత తగ్గిస్త" అన్నడు. ఇది ఒప్పుకునేటట్టు లేదు. ఉబ్బిన బ్యాటరీ పొక్క పడితే అంటుకుంటది. దాన్ని నొక్కొద్దు, పొడవొద్దు, చార్జింగ్ పెట్టొద్దు. గసొంటిది సంచిల ఏసుకొని ఆ పిల్ల బస్సుల పోవాల్నా? పైగా ఎన్నాళ్ల సంది పైకి నూకుతున్నదో, టచ్‌ప్యాడు, కీబోర్డు ఎంత దెబ్బతిన్నయో ఫోటోల తెల్వది.

మూత కీలు సంగతి గూడ అదే తొవ్వ. కీలు ఇనుపది, అది స్క్రూలతోని ప్లాస్టిక్ గూటాలకు బిగించి ఉంటది. ఏండ్లు గడిచి కీలు బిగుసుకపోతే, తెరిచినప్పుడల్ల ఆ గూటాలను గుంజుతది, ఒకనాడు అవి పగులుతయి. తెరిచి కదలకుండ పెట్టి ముందలనుంచి ఫోటో తీస్తే ఇది అస్సలే కనవడదు. మూత మెల్లగ తెరుస్తుంటెనే కీలు కాడి మూల నోరు తెరుస్తది. కాబట్టి ఫోటో కాదు, రెండు కీళ్ల కాడ దగ్గరగ పట్టి పదిహేను సెకన్ల వీడియో అడగాలె.

తెర విషయంల నల్లటి వాల్‌పేపర్ పెట్టిన ఫోటోను నమ్మద్దు. తెర నిండ ఉత్త తెల్ల బొమ్మ పెట్టిపియ్యాలె. ఒత్తుడు పడ్డ కాడ మచ్చలు అప్పుడే తేలుతయి. ఫోటోల ఇంద్రధనుస్సు లెక్క అలలు కనవడితే గాబరపడద్దు, అది కెమెరాకు తెరకు నడుమ లొల్లి. ఫోన్ జరిపి ఇంకోటి తియ్యమంటే అలలు జరుగుతయి. నిజం గీత ఉన్న కాడనే ఉంటది.

ఆ పిల్ల అడ్వాన్స్ కొట్టలే. వారం రోజులకు ఇంకో దుకాణం కాడ గదే రకం, 17 వేలకు. నాలుగు దిక్కుల ఫోటోలు, కీళ్ల వీడియో అడిగితే గంటల పంపిండు, సందు అంతట ఒక్క తీరుగున్నది. అయినా పైసలు ముందు పంపలే. నీళ్లు వడ్డ బోర్డు ఏ ఫోటోల చిక్కదు గనుక పోయి అరగంట నడిపి చూసింది, అన్ని బటన్లు నొక్కింది, చార్జర్ తీసి బ్యాటరీ మీద నడిపింది. అడుగు మీదున్న సీరియల్ నంబరు రాసిన బిల్లు తీసుకున్నది. ఆ బిల్లు, వాట్సాప్‌ల ఆయన పంపిన ఫోటోలు రెండూ దాపెట్టుమని చెప్పిన. రేపు ఏమన్న తేడా వస్తే జిల్లా వినియోగదారుల కమిషన్ ముందర పెట్టనీకి అవే కాయితాలు.