పసుపు కాగితం వీడియో: కింద ఏం రాయాలి?

పసుపు నీళ్లలో కాస్త సున్నం కలిపితే ఎర్రబడతాయని తెలుగిళ్లలో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. పారాణి అలాగే కలుపుతారు, దిష్టి తీసే ఎర్రనీళ్లూ అంతే. ఏడో తరగతిలో ఆమ్లాలు, క్షారాల పాఠానికి చాలామంది టీచర్లు ఈ ప్రయోగాన్నే ఎంచుకుని ఫోన్‌తో వీడియో తీస్తారు. బడిలో అయితే టీచర్ పక్కనే ఉంటారు. ఇంట్లో ఒంటరిగా వీడియో చూసే పిల్లకు తోడుండేది కింద రాసిన నాలుగు మాటలే. కాబట్టి వీడియోకు ఎంత శ్రమ పడతామో ఆ వివరణకూ అంత పడాలి.

ముందు తరగతి సంగతి. మూడో తరగతి పిల్లలకు రంగు మారడం చూపిస్తే చాలు. ఏడో తరగతికి పసుపు ఒక సూచిక అని, క్షారం తగిలితే ఎర్రబడుతుందని చెప్పాలి. పదో తరగతికి వచ్చేసరికి పసుపులోని కర్క్యుమిన్ గురించి, పీహెచ్ గురించి మాట్లాడొచ్చు. తరగతి రాయకపోతే చిన్నపిల్లలు పెద్దవాళ్ల ప్రయోగానికి దిగుతారు. అందుకే ‘ఏడో తరగతికి. అంతకంటే చిన్నవాళ్లు చేస్తే పక్కన పెద్దవాళ్లు ఉండాలి’ అని మొదటే రాయడం మంచిది.

వస్తువుల జాబితాలో ‘పసుపు, కాగితం, సబ్బు’ అని రాసి వదిలేస్తే ప్రయోగం సగం ఇళ్లలో చెడుతుంది. ఒక టీ చెంచా పసుపులో మూడు నాలుగు చెంచాల నీళ్లు పోసి పల్చగా కలపాలి. నున్నటి కాగితం నీరు పీల్చదు కాబట్టి వడపోత కాగితం గానీ, తెల్లటి పేపర్ నాప్‌కిన్ గానీ కావాలి. దానికి పసుపు పూసి నీడలో ఆరబెట్టాలి. ఎండలో పెడితే రంగు వెలిసిపోతుంది. ఆరాక వేలెడు ముక్కలుగా కత్తిరించుకోవాలి.

ఎక్కువగా తప్పేది సబ్బు దగ్గరే. బట్టల సబ్బు అరగదీసిన నీటి చుక్క పడగానే కాగితం ముదురు ఎరుపుకు తిరుగుతుంది. దాని బదులు షాంపూనో, సీసాలో అమ్మే హ్యాండ్‌వాషో వేస్తే చాలాసార్లు ఏ మార్పూ ఉండదు, ఎందుకంటే వాటిలో చాలావాటికి క్షార గుణం ఉండదు. వంట సోడా నీళ్లయితే బలహీనమైన క్షారం కనుక లేత నారింజ రంగు దగ్గరే ఆగొచ్చు. అది తప్పు ఫలితం కాదని వివరణలో చెప్పకపోతే పిల్ల తనకు ప్రయోగం రాలేదనుకుంటుంది. ఇంకో పరిమితి కూడా రాయాలి. నిమ్మరసం వేసినా, మంచినీళ్లు వేసినా పసుపు కాగితం పసుపుగానే ఉంటుంది. క్షారాన్ని తప్ప ఆమ్లాన్ని ఇది పట్టివ్వదు. ఎర్రబడిన కాగితం మీద నిమ్మరసం వేస్తే మాత్రం మళ్లీ పసుపు రంగు వస్తుంది.

ఇక జాగ్రత్తలు. ‘జాగ్రత్తగా చేయండి’ అనే మాట ఎవరికీ ఉపయోగపడదు. ఈ ప్రయోగంలో అసలు ప్రమాదం సున్నంతోనే. కిళ్లీ సున్నం పొట్లం నొక్కినప్పుడు చిమ్మి కంట్లో పడితే నల్లగుడ్డు కాలుతుంది, చూపు పోవచ్చు. నా మట్టుకు ఇంట్లో చేసే వీడియోలో సున్నమే వద్దు, బట్టల సబ్బు చాలు. బడిలో చూపించాలంటే టీచరే కలపాలి. ఒకవేళ కంట్లో పడితే వెంటనే ధారగా మంచినీళ్లు పోస్తూ కనీసం పావుగంట, ఇరవై నిమిషాలు కడిగి, ఆ వెంటనే కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. నిమ్మరసం క్షారాన్ని విరుస్తుందని అదే వీడియోలో చూసిన పిల్ల కంట్లో నిమ్మరసం పిండుకోవచ్చు. అది మరింత హాని. ఆ వాక్యం తప్పకుండా ఉండాలి.

రెండో ప్రమాదం ‘ఇంట్లో దొరికిన వాటన్నిటినీ పరీక్షించండి’ అనడంలో ఉంది. పిల్లలు నేరుగా బాత్రూమ్‌కు వెళ్తారు. అక్కడ మరుగుదొడ్డి కడిగే యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ ఉంటాయి. ఆ రెండూ కలిస్తే ఊపిరితిత్తులను దెబ్బతీసే క్లోరిన్ వాయువు వస్తుంది. కాబట్టి పరీక్షించాల్సినవి పేరుపేరునా రాయాలి: బట్టల సబ్బు నీళ్లు, వంట సోడా, నిమ్మరసం, మజ్జిగ, మంచినీళ్లు. ఆ కిందే, బాత్రూమ్ సీసాలు ముట్టుకోవద్దని రాయాలి.

ఫోన్‌లో యూట్యూబ్ వివరణ మొత్తం కనిపించదు, నొక్కితేనే తెరుచుకుంటుంది. అందుకే తరగతి, సున్నం హెచ్చరిక పైనే ఉండాలి. టీచర్లకు నా మనవి ఒక్కటే: వీడియో పెట్టేముందు ఆ వివరణను ఒక ఏడో తరగతి పిల్ల చేతికిచ్చి, వీడియో చూపించకుండా ప్రయోగం చేయమనండి. ఆమె ఎక్కడ ఆగి మిమ్మల్ని అడిగిందో, అక్కడ ఇంకో వాక్యం రాయండి.