గ్లాసెడు నీళ్ళు, పదిహేడు లక్షల గళ్ళు

2002లో కంప్యూటర్ గ్రాఫిక్స్ వాళ్ళ పెద్ద సదస్సు సిగ్‌గ్రాఫ్‌లో డగ్లస్ ఎన్‌రైట్, స్టీఫెన్ మార్ష్‌నర్, రొనాల్డ్ ఫెడ్కివ్ ఒక పత్రం సమర్పించారు. అందులో అందరికీ గుర్తుండిపోయిన దృశ్యం తుఫానూ కాదు, వరదా కాదు. ఒక గాజు గ్లాసులోకి నీళ్ళు పడుతుంటాయి, అంతే. సముద్రపు అల ఎలా విరిగినా మన కన్ను పెద్దగా పేచీ పెట్టదు. గ్లాసులో పడే నీళ్ళ సంగతి అలా కాదు. రోజుకు పదిసార్లు చూసే వ్యవహారం కాబట్టి ఏ మాత్రం తేడా ఉన్నా చిన్నపిల్లలు కూడా పట్టేస్తారు.

నీటి కదలికను లెక్కగట్టే ఈ సాధనాన్ని ఫ్లూయిడ్ సాల్వర్ అంటారు. దీని పుట్టిల్లు సినిమా స్టూడియో కాదు. అణుబాంబు తయారైన లాస్ అలమోస్ ప్రయోగశాలలో ఫ్రాన్సిస్ హార్లో బృందం 1950లలో దీనికి పునాది వేసింది. ఖాళీ జాగాను గళ్ళుగా విభజించి, పదార్థాన్ని ఆ గళ్ళ మధ్య తిరిగే కణాలుగా లెక్కించడం వాళ్ళ ఆలోచన. 1965లో హార్లో, వెల్చ్ కలిసి పైన గాలి తగిలే నీటికి సరిపడే పద్ధతిని ప్రచురించారు. అందులో కణాలు నీరు ఎక్కడుందో చూపించే గుర్తులు మాత్రమే. వేగమూ పీడనమూ గళ్ళలోనే ఉండేవి.

కణాలే వేగాన్ని మోసే పాత పద్ధతిలో ఒక ఇబ్బంది ఉండేది. ప్రతి అంచెలోనూ కణాల వేగాన్ని గళ్ళలో పోసి, ఏ గడిలోనూ నీరు కుదించుకుపోకుండా పీడనం సరిచేసి, గడి సగటును తిరిగి కణాలకు పంచేవారు. సగటు తీసిన ప్రతిసారీ చిన్న చిన్న సుడులు చెరిగిపోయేవి. నాలుగు అంచెలు గడిచేసరికి నీళ్ళు తేనెలా కదిలేవి. 1986లో అదే లాస్ అలమోస్‌లో బ్రాక్‌బిల్, రప్పెల్ దీనికి సులువైన విరుగుడు కనిపెట్టారు. కణానికి సగటు వేగం ఇవ్వకుండా, గడిలో వేగం ఎంత మారిందో ఆ తేడాను మాత్రమే కలిపారు. అదే ఫ్లిప్ పద్ధతి. దీనివల్ల నీటికి చురుకు వచ్చింది, దాంతో పాటు కొంచెం చిందరవందర కూడా. 2005లో ఝూ, బ్రిడ్సన్ దీన్ని గ్రాఫిక్స్‌లోకి తెచ్చారు. విచిత్రమేమిటంటే వాళ్ళ పత్రం ఇసుక గురించి.

ఉచితంగా దొరికే బ్లెండర్‌లో ద్రవాల సాల్వర్ 2005 నుంచీ ఉంది. నిల్స్ ట్యూరై రాసిన ఆ మొదటి సాల్వర్ లాటిస్ బోల్ట్‌జ్‌మన్ అనే వేరే దారిలో నడిచేది. 2020 ఫిబ్రవరిలో వచ్చిన 2.82 వెర్షన్ దాన్ని తీసేసి మాంటాఫ్లోను పెట్టింది. హార్లో కాలం నుంచి వచ్చిన గళ్ళూ కణాలూ, వాటితో పాటు ఫ్లిప్ అలా ఎవరి ల్యాప్‌టాప్‌లోకైనా చేరాయి. తెర మీద `FLIP Ratio` అని 0.97 కనిపిస్తుంది. నూటికి 97 పాళ్ళు కొత్త పద్ధతి, మిగతా మూడూ పాతది అని దాని అర్థం. ఆ కాస్త పాతదనం చిందరవందరను అదుపులో ఉంచుతుంది.

ఇప్పుడు ఒక గ్లాసు నింపి చూద్దాం. గ్లాసు ఎత్తు 12 సెంటీమీటర్లు, వెడల్పు 8, గోడ మందం 2 మిల్లీమీటర్లు. పైనుంచి 8 మిల్లీమీటర్ల మందమున్న ధార సెకనుకు 80 సెంటీమీటర్ల వేగంతో బయలుదేరుతుంది. అంటే సెకనుకు సుమారు 40 మిల్లీలీటర్లు, అయిదు సెకన్లలో 200. సెకనుకు 24 ఫ్రేములైతే మొత్తం 120 ఫ్రేముల పని.

డొమైన్ అంటే సాల్వర్ పనిచేసే పెట్టె. ఆ పెట్టె బయట నీరు అనేదే ఉండదు. `Resolution Divisions` అనే అంకె పెట్టెలో అన్నిటికన్నా పొడవైన వైపును ఎన్ని ముక్కలు చేయాలో చెబుతుంది. మిగతా వైపులు అదే కొలత గడితో నిండుతాయి. అందుకే ‘రిజల్యూషన్ ఎంత పెట్టావు?’ అన్న ప్రశ్నకు పెట్టె కొలత చెప్పకుండా జవాబివ్వడం బేరంలో ధర చెప్పి తూకం దాచినట్టే. కొత్తవాళ్ళు చేసే మొదటి పొరపాటు ఇక్కడే జరుగుతుంది. దృశ్యంలో బల్ల ఉంది కదా అని బల్లంతా పట్టేలా 96 సెంటీమీటర్ల ఘనం గీస్తారు. రిజల్యూషన్ 192 పెడితే గడి 5 మిల్లీమీటర్లు వస్తుంది, గళ్ళేమో 70 లక్షలు. వాటిలో అత్యధిక భాగం బల్ల మీది గాలినే కొలుస్తుంటాయి.

నిజానికి నీరు తిరిగే చోటు 12 సెంటీమీటర్ల వెడల్పు, 12 లోతు, 24 ఎత్తు ఉంటే చాలు. నీళ్ళు పోసే చెంబు కూడా పెట్టెలో ఉండనక్కర్లేదు. చెంబు మూతి దగ్గర చిన్న బిళ్ళ ఒకటి పెట్టి, దాన్ని నీరు పుట్టే చోటుగా చేసి, కిందికి తొలివేగం ఇస్తే సరిపోతుంది. ఈ పెట్టెలో అదే 192 పెడితే గడి 1.25 మిల్లీమీటర్లకు దిగుతుంది, గళ్ళు 17,69,472 అవుతాయి. పెద్ద పెట్టెతో పోలిస్తే గళ్ళు నాలుగో వంతే, గడి నాలుగు రెట్లు సన్నం.

అంత సన్నం ఎందుకు? కుళాయి కింద ధారను ఒకసారి గమనించండి. పైన లావుగా మొదలై, కిందికి దిగేకొద్దీ సన్నబడుతుంది. మన ధార 18 సెంటీమీటర్లు పడేసరికి వేగం సెకనుకు 2 మీటర్లు దాటుతుంది. ప్రవహించే నీరు అంతే కాబట్టి మందం 8 నుంచి 5 మిల్లీమీటర్లకు తగ్గుతుంది. గడి కొలతను నిర్ణయించేది ఆ సన్నని చోటే, పై భాగం కాదు. ముందే ఉన్న 32 రిజల్యూషన్‌తో మన పెట్టెలో గడి 7.5 మిల్లీమీటర్లు, సన్నబడిన ధార కన్నా పెద్దది. అప్పుడు నీరు ధారగా కాక ముద్దలు ముద్దలుగా, తెగిన పూసల దండలా రాలుతుంది. 96 పెడితే సన్నని చోట రెండు గళ్ళు పడతాయి, ధార నిలుస్తుంది గానీ వణుకుతుంది. 192తో నాలుగు గళ్ళు. అక్కడికి వచ్చాక ధార నునుపుదేలుతుంది.

గాజు గోడ కథా ఇంతే. 2 మిల్లీమీటర్ల గోడ 96లో వచ్చే 2.5 మిల్లీమీటర్ల గడికి చిక్కదు, అందుకని కణాలు గోడలోంచి జారి కింద తేలతాయి. గ్లాసు అడుగున బల్ల మీద చుక్కలు కనిపిస్తే కారణం వెతుక్కోనక్కర్లేదు. దీనికి రిజల్యూషన్ పెంచుకుంటూ పోవడం దండగ ఖర్చు. కెమెరాకు కనిపించే గ్లాసును అలాగే ఉంచి, లోపలి కొలత అదే ఉండేలా బయటికి మందం పెంచిన రెండో గ్లాసును నీటికి అడ్డుగా పెట్టి, దాన్ని రెండరింగ్‌లో దాచేస్తారు. నీటికి తెలిసే గ్లాసు వేరు, ప్రేక్షకుడికి కనిపించే గ్లాసు వేరు.

రిజల్యూషన్ రెట్టింపు చేస్తే గళ్ళు ఎనిమిది రెట్లవుతాయని అందరూ చెబుతారు. అసలు బిల్లు అంతకన్నా ఎక్కువ. సెకనుకు 2 మీటర్ల నీరు ఒక్క ఫ్రేములో 8.5 సెంటీమీటర్లు దూకుతుంది. 96 రిజల్యూషన్‌లో అది 34 గళ్ళు, 192లో 68. అన్ని గళ్ళు ఒక్క గెంతులో దాటితే మధ్యలో గోడ ఉన్నా నీటికి తెలియదు. కూరాంట్, ఫ్రీడ్రిక్స్, లెవీ అనే గణితజ్ఞులు 1928లోనే ఈ గెంతుకు హద్దు గురించి రాశారు. వాళ్ళ పేర్ల తొలి అక్షరాలే తెర మీద `CFL Number`గా కనిపిస్తాయి. అక్కడ 4 ఉంటే, ఒక అంచెలో నీరు సుమారు నాలుగు గళ్ళు దాటవచ్చని. 34 గళ్ళకు తొమ్మిది అంచెలు కావాలి, 68కి పదిహేడు. కానీ `Timesteps Maximum` మామూలుగా 4 దగ్గరే ఉంటుంది. రిజల్యూషన్ పెంచి దీన్ని మరిచిపోయినవాళ్ళకు నీరు ఇంకా అధ్వాన్నంగా వస్తుంది. ధార గ్లాసు అడుగును తాకగానే కణాలు టపాసుల్లా నాలుగు దిక్కులకూ పేలతాయి. దాన్ని 17 దాటించాలి. ఎనిమిది రెట్ల గళ్ళు, రెండింతల అంచెలు, వెరసి పదహారు రెట్ల సమయం. అందుకే ముందు 64తోనో 96తోనో ధార పడే చోటు, నిండే వేగం సరిచూసుకుని, 192ను రాత్రి పడుకోబోయే ముందు మొదలుపెట్టడం వాడుక.

రాత్రంతా చేసిన లెక్క ఎక్కడో భద్రంగా ఉండాలి కదా. అది క్యాష్ ఫోల్డర్. నిండిన గ్లాసులో 200 మిల్లీలీటర్లకు, గడికి ఎనిమిది చొప్పున, ఎనిమిది లక్షల పైచిలుకు కణాలుంటాయి. ఒక్కోదానికి స్థానం, వేగం రాస్తే చివరి ఫ్రేముకు 20 మెగాబైట్ల దాకా వస్తుంది. గ్లాసు ఖాళీగా మొదలవుతుంది కాబట్టి సగటున సగం వేసుకున్నా, కుదింపుకు ముందు 120 ఫ్రేములకు ఒక గిగాబైటు దాటుతుంది. గళ్ళ లెక్కలు దానికి అదనం. ఫైలును ఒక్కసారైనా సేవ్ చేయకుండా మొదలుపెడితే ఇదంతా తాత్కాలిక ఫోల్డర్‌లోకి వెళ్ళి, ఏదో ఒక రోజు మాయమవుతుంది.

క్యాష్ రకాల్లో ముందుగా ఉండేది `Replay`. ప్లే నొక్కితే అలా లెక్కిస్తూ పోతుంది, ఏ సెట్టింగు ముట్టుకున్నా మళ్ళీ మొదటికొస్తుంది. 64 రిజల్యూషన్ ప్రయోగాలకు ఇదే హాయి. పెద్ద లెక్కకు `Modular` మంచిది. ఇందులో ముందు `Bake Data`తో కణాల కదలిక, తర్వాత వేరుగా `Bake Mesh`తో నీటి పైపొర తయారవుతాయి. పేచీ `Is Resumable` అనే చిన్న గడి దగ్గర వస్తుంది. ఆగిన చోటు నుంచి కొనసాగించడానికే అది అనుకుని, డిస్కు మిగులుతుందని ఖాళీగా వదిలేస్తారు. తెల్లారి లేచి చూస్తే డేటా ఉంటుంది, దాని మీద మెష్ బేక్ చేసే దారి మాత్రం మూసుకుపోయి ఉంటుంది. టిక్కు పెట్టి మొదటి నుంచీ చేయాల్సిందే.

అన్నీ కుదిరాక 120వ ఫ్రేము దగ్గర ఆగి ఒక స్కేలు పెట్టి చూడవచ్చు. గ్లాసు లోపలి వ్యాసం 7.6 సెంటీమీటర్లు కాబట్టి 200 మిల్లీలీటర్లకు నీటిమట్టం 4.4 సెంటీమీటర్లు రావాలి. తక్కువ ఉంటే ముందు మెష్‌ను దాచి కణాలను మాత్రమే చూడాలి. కణాలు 4.4 దగ్గరే ఉండి పైపొర మాత్రం కిందో మీదో ఉంటే, తప్పు `Mesh` విభాగంలోని `Particle Radius`ది. ఆ అంకె చిన్నదైతే పొరకు చిల్లులు పడతాయి, పెద్దదైతే నీరు ఉబ్బుతుంది. అది మార్చి మెష్ ఒక్కటే మళ్ళీ బేక్ చేస్తే సరి, రాత్రి లెక్క అలాగే ఉంటుంది. కణాలే 4.4కు చేరకపోతే రెండు చోట్ల వెతకాలి. ఒకటి, గోడ కారిందేమో చూడటానికి గ్లాసు అడుగున. రెండోది పైన నీరు పుట్టే బిళ్ళ దగ్గర: ఆ 8 మిల్లీమీటర్ల గుండ్రం గళ్ళలోకి వచ్చేసరికి అంచులు తెగిన చతురస్రాల గుంపు అవుతుంది, దాని వైశాల్యం అసలు బిళ్ళ వైశాల్యంతో సరిపోకపోవచ్చు. అప్పుడు బిళ్ళను కొద్దిగా వెడల్పు చేసి, 64 రిజల్యూషన్ పెట్టి, మళ్ళీ `Replay`లోకి రావాలి.