ఫ్రీలాన్స్ పని ఒప్పుకునే ముందు వీసా చూసుకోండి

వరంగల్ అమ్మాయి ఒకరు ఎఫ్-1 వీసాపై డాలస్‌లో కంప్యూటర్ సైన్స్ ఎంఎస్ చదువుతోందనుకుందాం. హైదరాబాద్ కంపెనీ ఒకటి వెబ్‌సైట్ చేసిపెట్టమంది. నలభై వేల రూపాయలు ఇక్కడి బ్యాంకు ఖాతాలోనే వేస్తానంది. అమెరికా కంపెనీ కాదు, డాలర్లూ కాదు, ఇక ఇబ్బందేముందని చాలామంది అనుకుంటారు. కానీ డబ్బు ఎక్కడ పడిందన్నదాని కన్నా, పని చేసేటప్పుడు మనిషి ఎక్కడ ఉన్నారన్నది ముఖ్యం. విదేశీ కంపెనీకి ఆన్‌లైన్‌లో చేసే పనికి ఎఫ్-1 నిబంధనల్లో ప్రత్యేక మినహాయింపు లేదు. చదువు సాగుతుండగా క్యాంపస్‌లో వారానికి 20 గంటల ఉద్యోగానికి వీలుంది. బయటి పనికి మాత్రం ముందస్తు అనుమతి ఉండాలి. అది లేకుండా చేస్తే వీసా హోదాకే ముప్పు.

అదే అమ్మాయి చదువు ముగించి ఓపీటీ తీసుకుంటే దారి తెరుచుకుంటుంది. మొదటి 12 నెలల ఓపీటీలో ఫ్రీలాన్స్ పని చేయవచ్చు. అయితే ఈఏడీ కార్డుపై ఉన్న ప్రారంభ తేదీకి ముందు మొదలుపెట్టకూడదు. పని చదివిన కోర్సుకు సంబంధించినదై, వారానికి కనీసం 20 గంటలు ఉండాలి. వెబ్‌సైట్ పని ఆమె చదువుకు సరిపోతుంది, పెళ్లి ఫొటోలు తీసే పని సరిపోదు. పని లేని రోజులు మొత్తం 90 దాటకూడదు. పని వివరాలు మారితే పది రోజుల్లోగా తెలియజేయాలి.

ఆ తర్వాతి 24 నెలల స్టెమ్ పొడిగింపులో కథ మారుతుంది. అక్కడ ఈ-వెరిఫైలో నమోదైన యజమాని, ఆయన సంతకం చేసిన ఐ-983 శిక్షణ ప్రణాళిక తప్పనిసరి. తనకు తానే యజమానిగా ఫ్రీలాన్స్ చేస్తే ఈ షరతు నెరవేరదు.

అనుమతి ఉన్న పనికీ రుజువు కావాలి. తర్వాత హెచ్-1బీ దరఖాస్తు వేళ, ఓపీటీలో ఏం చేశారో చూపమని అధికారులు అడగవచ్చు. అందుకే పని ఎన్నాళ్లో, ఇచ్చిన కంపెనీ పేరు, చిరునామా ఏమిటో తెలిపే ఒప్పందం దాచుకోవాలి. ప్రతి ఇన్‌వాయిస్‌కూ దాని సొమ్ము జమైన బ్యాంకు స్టేట్‌మెంట్‌ను జతచేయాలి. ఏ వారం ఎన్ని గంటలు పనిచేశారో అప్పటికప్పుడే రాసుకోవాలి, ఏడాది తర్వాత గుర్తుచేసుకుని రాసిన లెక్కను ఎవరూ నమ్మరు. పని కోర్సుకు ఎలా సంబంధించిందో నాలుగు వాక్యాల్లో రాసిపెట్టుకోవాలి. పన్ను రిటర్న్‌లో చూపిన ఆదాయం ఇన్‌వాయిస్‌ల మొత్తంతో సరిపోలాలి. కంపెనీ 1099 ఫారం పంపకపోయినా ఆ ఆదాయాన్ని చూపాల్సిందే.

స్నేహితుల మాట మీద పని ఒప్పుకోకండి. ముందు మీ యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల బాధ్యత చూసే అధికారికి ఈమెయిల్ రాయండి, వచ్చిన జవాబును భద్రపరచుకోండి.