లోపం ఏ మెట్టు దగ్గర?

సేల్స్ మేనేజర్ ఇంటర్వ్యూలో తరచూ వచ్చే ప్రశ్న: "టార్గెట్ అందుకోలేని ఉద్యోగిని ఎలా దారిలో పెడతారు?" "ప్రోత్సహిస్తానండీ" అంటే సరిపోదు. లెక్క చూపించాలి.

ఇళ్లపై సోలార్ ప్యానెళ్లు అమ్మే కంపెనీనే తీసుకుందాం. నెల టార్గెట్ 20 లక్షలు, సగటు అమ్మకం 2 లక్షలు అనుకుంటే 10 అమ్మకాలు కావాలి. టీములో సగటున 100 ఎంక్వైరీలకు 50 ఇళ్లు చూసి, 25 కొటేషన్లు ఇస్తే 10 ఖాయమవుతున్నాయి. వెనకబడిన ఉద్యోగి కూడా 50 ఇళ్లు చూశాడు. కొటేషన్లు 40 ఇచ్చాడు, అమ్మినవి 4.

అంటే కష్టపడటంలో లోటు లేదు. ఇంటి నిర్ణయం ఎవరిదో, డబ్బు ఎలా సర్దుకుంటారో అడగకుండానే ధర చెప్పేస్తున్నాడు. ఇంకా ఫోన్లు చేయమంటే ఆ తప్పే పెరుగుతుంది. మేనేజర్ అతనితో రెండు మూడు ఇళ్లకు వెళ్లి, ఆ రెండు ప్రశ్నలు అడగడం అలవాటు చేయాలి.

తర్వాత కొటేషన్లు తగ్గి అమ్మకాలు పెరిగితే మందు పనిచేసినట్టే. అయితే కస్టమర్లు తేల్చడానికి రెండు నెలలు పట్టే వ్యాపారంలో ఒక్క నెల అంకెలతో తీర్పు చెప్పకూడదు.